సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? డబ్బు ఇచ్చే ముందు ఈ మూడు రికార్డులు చూడకపోతే పాత ఓనర్ బాకీలు మీ మెడకే!

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లినప్పుడు చాలామంది బానెట్ ఎత్తి ఇంజిన్ చూస్తారు. టైర్లు చూస్తారు. ఓ రౌండ్ నడిపి చూస్తారు. తెలిసిన మెకానిక్‌ను కూడా వెంట తీసుకెళ్తారు. కారు కండిషన్ బాగుందని మెకానిక్ చెప్పగానే బేరం మొదలవుతుంది. కానీ ఏ మెకానిక్ కంటికీ కనిపించనివి మూడున్నాయి. కారు నంబర్ మీద పేరుకుపోయిన చలాన్లు, ఇంకా తీరని లోన్, ఇన్సూరెన్స్ హిస్టరీ. ఈ మూడూ ఓనర్ మారగానే మాయమైపోవు. కారు నంబర్‌ను పట్టుకునే ఉంటాయి.

వీటిని చెక్ చేయడానికి పెద్దగా ఖర్చు కాదు. ఫోన్‌లో అరగంట చాలు. అయితే ఎక్కడ చూడాలి, కనిపించిన దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి, ఏ దశలో ఎంత డబ్బు ఇవ్వాలి అన్నదే అసలు విషయం. ఓ ఉదాహరణతో వివరంగా చూద్దాం.

ఒక కారు.. ఒక బేరం

హైదరాబాద్ ఉప్పల్‌లో ఉండే ఓ ప్రైవేట్ ఉద్యోగి 2019 మోడల్ పెట్రోల్ కారు కొనాలనుకున్నాడని అనుకుందాం. అమ్మే వ్యక్తి ఫస్ట్ ఓనర్. రేటు 4,50,000 రూపాయలకు కుదిరింది. "లోన్ ఎప్పుడో కట్టేశాను తమ్ముడూ, చలాన్లు ఒకటో రెండో ఉంటాయి, ఇన్సూరెన్స్ ఇంకో ఆరు నెలలు ఉంది, అదే నడిపించుకో" అన్నాడు ఓనర్. ఆర్సీ కార్డు కూడా చేతిలో పెట్టాడు. సగం డబ్బు ఇప్పుడిచ్చి కారు తీసుకెళ్లమన్నాడు.

కొనే వ్యక్తి మాత్రం 5,000 రూపాయలు టోకెన్ ఇచ్చి, రెండు రోజులు టైమ్ అడిగాడు. ఆర్సీ రెండు వైపులా, ఇన్సూరెన్స్ పాలసీ అన్ని పేజీలూ ఫొటో తీసుకున్నాడు. కారు దగ్గరకు వెళ్లి, బాడీ మీద కొట్టి ఉన్న ఛాసిస్ నంబర్‌ను కూడా ఫొటో తీశాడు. ఆ నంబర్, ఆర్సీలో ఉన్న నంబర్, పాలసీలో ఉన్న నంబర్.. మూడూ ఒక్క అక్షరం తేడా లేకుండా కలవాలి. కలవకపోతే మిగతావి చూడాల్సిన పనే లేదు, ఆ బేరం అక్కడితో వదిలేయడమే మంచిది. ఎందుకంటే మీరు ఆన్‌లైన్‌లో చూసే రికార్డు వేరే కారుది కావచ్చు.

చలాన్లు: ఒక్క వెబ్‌సైట్ చూస్తే సరిపోదు

ముందుగా చలాన్లు. రూల్ ప్రకారం ట్రాఫిక్ ఉల్లంఘన చేసింది పాత ఓనర్. కానీ కెమెరాకు చిక్కింది నంబర్ ప్లేట్. అందుకే చలాన్ ఆ నంబర్ మీదే ఉండిపోతుంది. రేపు మీరు ఆ కారులో వెళ్తుండగా పోలీసులు ఆపి నంబర్ కొడితే, పాతవన్నీ బయటకొస్తాయి. అప్పుడు రోడ్డు మీద నిలబడి "ఇవి నావి కావు" అని వాదించుకోవాలి. పెండింగ్ చలాన్లు ఉంటే ఆర్టీఏలో పేరు మార్పిడి కూడా ఆగిపోవచ్చు.

తెలంగాణ బండి అయితే ముందు తెలంగాణ పోలీస్ ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో కారు నంబర్ కొట్టి చూడాలి. ప్రతి చలాన్‌లో తేదీ, టైమ్, చోటు, ఫొటో ఉంటాయి. ఇక్కడితో ఆగిపోకూడదు. ఆ తర్వాత కేంద్రం నడిపే echallan.parivahan.gov.in లోనూ చూడాలి. అక్కడ కారు నంబర్‌తో పాటు ఛాసిస్ లేదా ఇంజిన్ నంబర్ చివరి ఐదు అంకెలు అడుగుతుంది. అవి ఆర్సీలో ఉంటాయి. ఓనర్ ఆర్సీ చూపించకుండా కేవలం నంబర్ చెప్పి చెక్ చేసుకోమంటే ఈ రెండో చోట మీకు ఏమీ దొరకదు.

రెండు చోట్ల ఎందుకంటే, కారు పక్క రాష్ట్రానికి వెళ్లినప్పుడు పడిన చలాన్ మన రాష్ట్రం సైట్‌లో కనిపించకపోవచ్చు. కొన్ని రాష్ట్రాలకు సొంత చలాన్ సైట్లు కూడా ఉన్నాయి. అందుకే "ఈ కారు ఏయే ఊళ్లు తిరిగింది అన్నా?" అని ఓనర్‌ను మాటల్లో అడగాలి. బెంగళూరు, చెన్నై, ముంబై పేర్లు వినిపిస్తే ఆ రాష్ట్రాల సైట్లు కూడా ఓసారి చూడటం మంచిది.

మూడోది చాలామందికి తెలియదు. కట్టకుండా వదిలేసిన చలాన్లు కొన్ని కోర్టుకు వెళ్లిపోతాయి. అలాంటివి vcourts.gov.in అనే వర్చువల్ కోర్ట్ సైట్‌లో కారు నంబర్‌తో వెతకొచ్చు. చలాన్ కోర్టుకు పంపినట్టు చూపిస్తే, దాన్ని మామూలు చలాన్ లాగా ఫోన్‌లో కట్టేయడం కుదరకపోవచ్చు. కోర్టు సైట్‌లోనే జరిమానా కట్టాలి, లేదంటే ఓనర్ స్వయంగా కోర్టులో తేల్చుకోవాలి. దానికి టైమ్ పడుతుంది. ఆ టైమ్ ఓనర్‌ది కావాలి తప్ప, కొన్న మీది కాకూడదు.

మన ఉదాహరణలో ఏం తేలిందో చూడండి. "ఒకటో రెండో" అన్న ఓనర్ కారు మీద తెలంగాణ సైట్‌లో ఐదు ఓవర్ స్పీడ్ చలాన్లు కనిపించాయి. ఒక్కోటి 1,000 రూపాయల జరిమానా, 35 రూపాయల యూజర్ ఛార్జీ కలిపి 1,035. మొత్తం 5,175. చెన్నై ట్రిప్‌లో పడిన 1,000 రూపాయల చలాన్ కేంద్రం సైట్‌లో దొరికింది. అంతా కలిపి 6,175 రూపాయలు.

'డిస్కౌంట్ వస్తుంది.. అప్పుడు కడదాంలే'

ఇక్కడ ఓనర్లు తరచూ చెప్పే మాట ఒకటుంది. "గవర్నమెంట్ మళ్లీ డిస్కౌంట్ ఇస్తుంది, అప్పుడు కట్టుకుందాం" అని. తెలంగాణలో ఇలాంటి రాయితీలు ఇచ్చిన మాట నిజమే. 2023 డిసెంబర్ చివర్లో ప్రకటించిన ఆఫర్‌లో పెండింగ్ చలాన్లపై కార్లకు 60 శాతం, టూ వీలర్లకు 80 శాతం తగ్గింపు ఇచ్చారు. ఆ అలవాటుతోనే చాలామంది చలాన్లు కట్టకుండా పోగేస్తుంటారు. కానీ మళ్లీ ఎప్పుడిస్తారో, అసలు ఇస్తారో లేదో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. రాయితీ మీద ఆశ పెట్టుకోవడం ఓనర్ ఇష్టం. ఆ రిస్క్ మాత్రం మీ వైపు రాకూడదు. ఆ మొత్తాన్ని కారు రేటులోంచి తీసి, ఎదురుగానే కట్టించి రసీదు తీసుకోవాలి.

ఇంకో చిన్న చిక్కు కూడా ఉంది. కెమెరా ఫొటో తీసిన రోజే చలాన్ సైట్‌లోకి రాదు. కొన్ని రోజుల తర్వాత కూడా రావచ్చు. అంటే మీరు చెక్ చేసిన రోజు జీరో ఉన్నా, అంతకుముందు వారం ఓనర్ సిగ్నల్ జంప్ చేసిన చలాన్ తర్వాత వచ్చి పడొచ్చు. దీనికి మందు ఒక్కటే. కారు చేతికి తీసుకునేటప్పుడు డెలివరీ నోట్ రాసుకోవాలి. అందులో తేదీతో పాటు టైమ్, ఓడోమీటర్ రీడింగ్ రాయాలి. "ఈ సమయానికి ముందు జరిగిన చలాన్లు, ప్రమాదాలు, కేసులన్నీ అమ్మిన వ్యక్తి బాధ్యత" అని రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. చలాన్ మీద టైమ్ ఉంటుంది కాబట్టి, ఎవరిదో తర్వాత గొడవ లేకుండా తేలిపోతుంది.

లోన్: ఆర్సీ కార్డు నిన్నటిది, ఆన్‌లైన్ రికార్డు ఇవాళ్టిది

చలాన్ల దెబ్బ వేలల్లో ఉంటే, లోన్ దెబ్బ లక్షల్లో ఉంటుంది. బ్యాంక్ లోన్‌తో కారు కొంటే ఆర్సీలో ఆ బ్యాంక్ పేరు ఎక్కుతుంది. దీన్నే హైపోతికేషన్ అంటారు, ఆర్టీఏ దగ్గర 'హెచ్‌పీ' అని పిలుస్తారు. అది ఉన్నంతకాలం ఫైనాన్స్ ఇచ్చిన సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా కారును ఇంకొకరి పేరు మీదకు మార్చడానికి వీల్లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 51 చెప్పేది ఇదే. ఓనర్ వాయిదాలు కట్టకపోతే బ్యాంక్ వాళ్లు ఆ కారును స్వాధీనం చేసుకోవచ్చు. అప్పటికి మీరు పూర్తి డబ్బు ఇచ్చేసి ఉన్నా సరే.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. చేతిలో ఉన్న ఆర్సీ కార్డులో బ్యాంక్ పేరు లేదు కదా అని నమ్మేస్తారు. కానీ కార్డు అన్నది అది ప్రింట్ అయిన రోజు పరిస్థితిని మాత్రమే చెబుతుంది. ఆ తర్వాత ఓనర్ అదే కారు మీద కొత్తగా రీఫైనాన్స్ తీసుకుని ఉంటే పాత కార్డు అతని జేబులోనే ఉండిపోవచ్చు. అందుకే ఎంపరివాహన్ యాప్‌లో గానీ, వాహన్ పోర్టల్‌లో గానీ, రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైట్‌లో గానీ కారు నంబర్ కొట్టి ఇవాళ్టి రికార్డు చూడాలి. ఫైనాన్షియర్ పేరు ఉందా, బ్లాక్ లిస్ట్‌లో పెట్టారా, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉంది అన్నవి అక్కడ కనిపిస్తాయి. ఓనర్ పేరులో కొన్ని అక్షరాలు దాచి చూపిస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

ఫైనాన్షియర్ పేరు కనిపిస్తే రెండు సందర్భాలు ఉంటాయి. ఒకటి, లోన్ తీరిపోయింది గానీ ఓనర్ ఆర్టీఏకు వెళ్లి ఆ పేరు తీయించుకోలేదు. ఇది చాలా మామూలుగా జరిగేదే. రెండు, లోన్ ఇంకా నడుస్తోంది. తేడా ఎలా తెలుస్తుంది? లోన్ తీరితే బ్యాంక్ ఎన్‌ఓసీ, దాంతో పాటు ఫారం 35 ఇస్తుంది. ఎన్‌ఓసీ మీద తేదీ చూడాలి. మామూలుగా అది మూడు నెలలే చెల్లుతుంది. పాతదైతే బ్యాంక్ నుంచి మళ్లీ కొత్తది తెప్పించుకోమనాలి. ఏ ఎన్‌ఓసీ అయినా కాపీ చూసి నమ్మకుండా, అందులోని లోన్ నంబర్‌తో ఓనర్‌తో కలిసి బ్రాంచ్‌కు వెళ్లి అడగడం మంచిది.

ఇంకో తేలికైన దారి కూడా ఉంది. ఓనర్ తన క్రెడిట్ రిపోర్ట్‌ను ఏడాదికోసారి ఉచితంగా తీసుకోవచ్చు. అందులో ఆటో లోన్ దగ్గర 'క్లోజ్డ్' అని ఉందా, ఇంకా నడుస్తోందా అన్నది తెలుస్తుంది. మీరు అతని రిపోర్ట్ తీయలేరు. అతన్నే తన ఫోన్‌లో ఓపెన్ చేసి, ఆ ఒక్క లోన్ వివరం చూపించమని అడగొచ్చు. లోన్ నిజంగా తీరిపోయి ఉంటే చూపించడానికి పెద్దగా అభ్యంతరం ఉండదు.

మన ఉదాహరణలో "లోన్ కట్టేశాను" అన్న ఓనర్ కారు మీద యాప్‌లో బ్యాంక్ పేరు అలాగే ఉంది. బ్రాంచ్‌కు వెళ్లి అడిగితే ఇంకా 58,400 రూపాయలు కట్టాల్సి ఉందని తేలింది. చివరి కొన్ని వాయిదాలు వదిలేశాడు. అబద్ధం చెప్పాలనే ఉద్దేశం లేకపోవచ్చు, దాదాపు అయిపోయిందన్న ధీమా కావచ్చు. కానీ ఆ 58,400 తీరే దాకా కారు పేరు మారదు.

ఏ రికార్డులోనూ లేని అప్పు

ఆన్‌లైన్‌లో అంతా క్లీన్‌గా ఉన్నా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. మన ఊళ్లలో ఆర్సీ కార్డు, సంతకం చేసిన ఖాళీ ఫారాలు వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టి డబ్బు తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. ఈ అప్పు ఏ పోర్టల్‌లోనూ కనిపించదు. అయితే దానికి కొన్ని గుర్తులుంటాయి. ఓనర్ ఒరిజినల్ ఆర్సీ చూపించకుండా జిరాక్స్ మాత్రమే చూపిస్తాడు. "ఆర్సీ పోయింది, డూప్లికేట్ తీసిస్తా" అంటాడు. రెండో తాళం చెవి అడిగితే ఊళ్లో ఉందంటాడు. మార్కెట్ రేటు కంటే బాగా తక్కువకు ఇస్తానంటూ తొందర పెడతాడు.

వీటిలో ఒకటి నిజంగానే జరిగి ఉండొచ్చు. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం ఆగాలి. ఒరిజినల్ ఆర్సీ, రెండు తాళం చెవులు చేతికి రాకుండా టోకెన్‌కు మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. డూప్లికేట్ ఆర్సీ అయితే అది ఎందుకు తీసుకోవాల్సి వచ్చిందో, పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు కాపీతో సహా అడగాలి.

ఇన్సూరెన్స్: పాలసీలో ఆ ఒక్క శాతం చాలా చెబుతుంది

ఇక మూడోది ఇన్సూరెన్స్. పాలసీ ఉందా లేదా అని మాత్రమే చూసి వదిలేస్తారు చాలామంది. నిజానికి పాలసీ కాగితం ఆ కారు గతాన్ని కూడా చెబుతుంది.

ముందు తేదీలు. పాలసీలో రెండు భాగాలుంటాయి. మీ కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి థర్డ్ పార్టీ కవర్. మీ కారుకే జరిగిన డ్యామేజీకి ఓన్ డ్యామేజ్ కవర్. ఈ రెండింటి గడువు తేదీలు వేర్వేరుగా ఉండొచ్చు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ కవర్ తప్పనిసరి చేశారు. కాబట్టి తక్కువ వయసున్న కార్లలో థర్డ్ పార్టీ నడుస్తూ, ఓన్ డ్యామేజ్ ఎప్పుడో అయిపోయి ఉండొచ్చు. యాప్‌లో ఇన్సూరెన్స్ ఉందని చూపించినా, పాలసీలో రెండు తేదీలూ చదవాలి. పాలసీ అసలుదో కాదో తెలుసుకోవడానికి దాని మీద ఉన్న క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయాలి, లేదా ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో పాలసీ నంబర్ కొట్టి చూడాలి.

ఇప్పుడు అసలు గుర్తు. పాలసీలో 'నో క్లెయిమ్ బోనస్' అనే వరస ఉంటుంది. క్లెయిమ్ చేయకుండా గడిచిన ప్రతి ఏడాదికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు అది. మొదటి ఏడాది తర్వాత 20 శాతం, ఆ పైన 25, 35, 45, ఐదేళ్లకు 50 శాతం. మధ్యలో క్లెయిమ్ చేస్తే మామూలుగా మళ్లీ సున్నాకు పడిపోతుంది. 2019 కారు, ఒకే ఓనర్, రెన్యువల్ ఎక్కడా తప్పలేదు అంటే ఈపాటికి అది 50 శాతం దగ్గర ఉండాలి. మన ఉదాహరణలో కారు పాలసీలో 20 శాతమే ఉంది. అంటే ఆ ముందు ఏడాదిలో క్లెయిమ్ అయి ఉండాలి, లేదా పాలసీ చాలాకాలం ఆగిపోయి ఉండాలి.

అలాగని 50 శాతం కనిపిస్తే కారుకు దెబ్బే తగల్లేదని కూడా కాదు. ఆ బోనస్ కారుది కాదు, మనిషిది. ఓనర్ తన పాత కారు నుంచి దీని మీదకు మార్చుకుని ఉండొచ్చు. కాబట్టి ఓనర్‌తోనే ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టించి, ఆ కారు మీద జరిగిన క్లెయిమ్‌ల వివరాలు అడిగించాలి. కంపెనీ ఆ వివరాలు పాలసీదారుడికే ఇస్తుంది, మీకు నేరుగా ఇవ్వదు. ఉప్పల్ ఉద్యోగి అలాగే అడిగించాడు. ముందు బంపర్, రేడియేటర్, ఒక హెడ్‌లైట్ మార్చిన క్లెయిమ్ బయటపడింది. అదేమీ కారు వదిలేసేంత విషయం కాదు. కానీ మెకానిక్‌ను మళ్లీ పిలిచి, ముందు భాగంలో ఛాసిస్ వంగిందేమో చూపించుకోవాలని దానివల్లే తెలిసింది.

భయపడాల్సిన క్లెయిమ్ వేరే ఉంది. రిపేర్ ఖర్చు, పాలసీలో రాసిన కారు విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీలు దాన్ని 'టోటల్ లాస్' కింద లెక్కగట్టి డబ్బు ఇచ్చేస్తాయి. ఆ పాడైన కారును తుక్కు రేటుకు అమ్మేస్తారు. దాన్ని కొన్నవాళ్లు బాగుచేసి మళ్లీ మార్కెట్‌లో పెట్టొచ్చు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో మునిగిపోయిన సంగతి తెలిసిందే. అలాంటి వరదల తర్వాత మార్కెట్‌లోకి వచ్చే కార్ల విషయంలో ఈ క్లెయిమ్ హిస్టరీ అడగడం మరీ ముఖ్యం. సీట్ బెల్ట్‌ను పూర్తిగా బయటకు లాగి చూడండి. కిందకు మట్టి గీత ఉంటే, మ్యాట్ల కింద బురద వాసన వస్తుంటే ఆ కారు నీళ్లు తాగిందనే అర్థం.

'అదే ఇన్సూరెన్స్ నడిపించుకో' అంటే?

పాత పాలసీనే నడిపించుకోవచ్చన్న మాటలో సగమే నిజం. కారు మీ పేరు మీదకు మారాక థర్డ్ పార్టీ కవర్ మీకు వర్తిస్తుంది, చట్టంలోని సెక్షన్ 157 అందుకు వీలు కల్పిస్తోంది. కానీ 14 రోజుల్లోగా పాలసీని మీ పేరుకు మార్చమని కంపెనీకి అప్లై చేయాలి. అది చేయకుండా ఓ నెల తర్వాత మీ కారు డివైడర్‌కు గుద్దుకుందనుకోండి. రిపేర్ డబ్బుల కోసం క్లెయిమ్ పెడితే, "మా పాలసీ మీ పేరు మీద లేదు" అని కంపెనీ తిప్పికొట్టొచ్చు. ఓన్ డ్యామేజ్ అన్నది కంపెనీకీ, పాలసీలో పేరున్న వ్యక్తికీ మధ్య ఒప్పందం. ఈ విషయాన్ని సుప్రీంకోర్టు 1996లోనే ఒక తీర్పులో స్పష్టం చేసింది.

పాలసీ మీ పేరుకు మారినా ఆ 20 శాతం బోనస్ మీకు రాదు. అది పాత ఓనర్‌తోనే పోతుంది. మిగిలిన కాలానికి ఆ తేడా మీరు కట్టాలి. ఉదాహరణకు ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అయితే, 20 శాతం అంటే 1,600. ఇంకా ఆరు నెలలు మిగిలి ఉంటే మీరు కట్టాల్సింది దాదాపు 800 రూపాయలు, దాని మీద పన్ను, చిన్న ట్రాన్స్‌ఫర్ ఫీజు. ఈ మాత్రం ఖర్చుకు వెనకాడి పాలసీ మార్చుకోకపోతే లక్షల క్లెయిమ్ పోగొట్టుకుంటారు.

డబ్బు ఏ వరసలో ఇవ్వాలి?

రికార్డులు చూడటం ఒక ఎత్తు, డబ్బు ఇచ్చే వరస ఇంకో ఎత్తు. పూర్తి డబ్బు ముందే ఇచ్చేస్తే, బ్యాంక్ చుట్టూ, ఆర్టీఏ చుట్టూ తిరగాల్సిన అవసరం ఓనర్‌కు ఉండదు. తిరిగేది మీరే అవుతారు. మన ఉదాహరణలో 4,50,000 రూపాయలు ఇలా పంచారు.

టోకెన్ కింద ఇచ్చినవి 5,000. ఆ తర్వాత ఇద్దరూ ఒప్పంద పత్రం రాసుకున్నారు. ఓనర్ చేతికి ఇవ్వకుండా 58,400 రూపాయలు నేరుగా అతని లోన్ అకౌంట్‌కే కట్టారు. అప్పటి నుంచి ఒరిజినల్ ఆర్సీ, రెండో తాళం చెవి కొనే వ్యక్తి దగ్గరే ఉన్నాయి. చలాన్ల 6,175 రూపాయలు కూడా రేటులోంచే, ఆన్‌లైన్‌లో ఇద్దరి ఎదుటే కట్టేశారు.

బ్యాంక్ ఎన్‌ఓసీ, ఫారం 35 వచ్చాక ఆర్టీఏలో హైపోతికేషన్ తీయించారు. యాప్‌లో బ్యాంక్ పేరు పోయిందని చూసుకున్నాక ఫారం 29, ఫారం 30 మీద సంతకాలయ్యాయి. ఆ రోజు ఉదయం మూడు రికార్డులూ ఇంకోసారి చెక్ చేశారు. అంతా సరిగ్గా ఉండటంతో 3,55,425 రూపాయలు బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేసి, డెలివరీ నోట్ రాసుకుని కారు తీసుకెళ్లారు. చివరి 25,000 మాత్రం పేరు మారాకే ఇస్తామని ముందే రాసుకున్నారు. ఆలోగా ఆలస్యంగా వచ్చే చలాన్లు ఏమైనా ఉంటే అందులోంచే తీసుకుంటారు.

చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మిన వ్యక్తి, 30 రోజుల్లోగా కొన్న వ్యక్తి ఆర్టీఏకు తెలియజేయాలి. ఇది అమ్మేవాళ్లకూ మంచిదే. ఆర్టీఏ రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కారు ఎన్ని చేతులు మారినా, రికార్డు మారకపోతే మొదటి వ్యక్తే ఇరుక్కుంటాడు. "ఆ 25,000 ఎందుకు ఆపావు?" అని ఓనర్ అడిగితే, ఈ మాట గుర్తు చేస్తే సరిపోతుంది. పేరు త్వరగా మారితే ఇద్దరికీ లాభమే.

డీలర్ దగ్గర కొంటే?

డీలర్ దగ్గర కొన్నా ఈ మూడూ మీరే చూసుకోవాలి. అయితే ఒక తేడా ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రూల్స్ ప్రకారం పాత వాహనాలు కొని అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి ఆథరైజేషన్ తీసుకోవాలి. కారు తమ దగ్గరకు వచ్చినట్టు వాళ్లు పోర్టల్‌లో తెలియజేస్తే, అమ్ముడయ్యే దాకా దాని బాధ్యత వాళ్లదే. ఆథరైజేషన్ సర్టిఫికెట్ చూపించమని అడగండి. సర్టిఫికెట్ లేదు, పాత ఓనర్ సంతకం చేసిన ఖాళీ ఫారాలు మాత్రమే ఉన్నాయంటే అతను మధ్యవర్తి మాత్రమే. రేపు ఏదైనా తేడా వస్తే రికార్డులో అతని పేరు ఎక్కడా ఉండదు.

డబ్బు పంపే ముందు ఒక్కసారి..

* కారు మీద ఉన్న ఛాసిస్ నంబర్, ఆర్సీ, పాలసీ.. మూడూ కలిశాయా?
* రాష్ట్ర చలాన్ సైట్, కేంద్ర సైట్, వర్చువల్ కోర్ట్.. మూడు చోట్లా ఇవాళ చూశారా?
* ఆన్‌లైన్‌లో ఫైనాన్షియర్ పేరు పోయిందా? ఒరిజినల్ ఆర్సీ, రెండు తాళం చెవులు మీ చేతికి వచ్చాయా?
* పాలసీలో రెండు గడువు తేదీలు, బోనస్ శాతం చదివారా? క్లెయిమ్ వివరాలు వచ్చాయా?
* డెలివరీ నోట్ మీద తేదీ, టైమ్, ఇద్దరి సంతకాలు ఉన్నాయా? పేరు మారే దాకా కొంత డబ్బు మీ దగ్గరే ఉందా?

ఈ ప్రశ్నల్లో ఒక్కదానికి 'లేదు' అనే సమాధానం వచ్చినా ఆ రోజుకు డబ్బు పంపకండి. అన్నింటికీ 'అవును' వచ్చాకే కారు తీసుకెళ్లండి. తీసుకున్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్‌ను మీ పేరుకు మార్చమని అప్లై చేయడం మాత్రం మర్చిపోకండి.